సున్నాల పంపకం: సోడియం వెలుగు పసుపుగా ఎందుకుంటుంది?

గ్యాస్ పొయ్యి మీద పప్పు పొంగి ఉప్పునీళ్ళు మంటలో పడగానే నీలిమంట ఒక్కసారిగా పసుపు రంగుకు మారుతుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ఎల్‌ఈడీలు రాకముందు మన ఊళ్ళ రోడ్ల మీద వెలిగిన పసుపుపచ్చ వీధిదీపాల్లో ఉన్నదీ సోడియమే. ఆ వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 589 నానోమీటర్లు. సోడియం పరమాణువులో 3p అనే స్థితిలోకి ఎగిరిన ఎలక్ట్రాన్ తిరిగి 3s అనే స్థితిలోకి దిగేటప్పుడు ఈ వెలుగు బయటికొస్తుంది. రెండు స్థితుల మధ్య శక్తి తేడా 2.10 ఎలక్ట్రాన్ వోల్టులు.

ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివినవారికి ఇక్కడ ఒక సందేహం రావాలి. హైడ్రోజన్‌లో 3s, 3p, 3d మూడింటి శక్తీ దాదాపు ఒకటే. ఏ స్థితిలో ఉన్నా ఎలక్ట్రాన్‌ను పూర్తిగా బయటికి లాగడానికి 1.51 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. సోడియంలో మాత్రం అవే మూడు స్థితులు విడిపోయాయి. 3s నుంచి లాగాలంటే 5.14, 3p నుంచి అయితే 3.04, 3d నుంచి అయితే 1.52 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 3d హైడ్రోజన్ లెక్కకు దాదాపు అతుక్కుని ఉంది. 3s మాత్రం ఎంతో కిందికి దిగిపోయింది. హైడ్రోజన్‌లో లేని ఈ తేడా సోడియంలో ఎక్కడి నుంచి వచ్చింది?

ఎలక్ట్రాన్ తరంగంలో సున్నాలు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే జవాబు దొరుకుతుంది. ఆ సున్నాలనే నోడ్‌లు అంటారు. 3s, 3p, 3d మూడింటికీ తలా రెండు నోడ్‌లే. కానీ ఆ రెండిటి పంపకం మూడు చోట్లా మూడు రకాలుగా జరిగింది. సోడియం పసుపుగా వెలగడం ఆ పంపకం ఫలితమే.

మృదంగం మూత మీద గీతలు

1926లో ఎర్విన్ ష్రోడింగర్ పరమాణువులోని ఎలక్ట్రాన్‌ను తరంగంగా వర్ణించే సమీకరణం రాశాడు. దాన్ని హైడ్రోజన్‌కు సాధిస్తే వచ్చే జవాబులే ఆర్బిటాళ్ళు. ప్రతి ఆర్బిటాల్‌కూ కేంద్రకం చుట్టూ ఒక్కోచోట ఒక్కో విలువ ఉంటుంది. ఆ విలువ కొన్నిచోట్ల ధనాత్మకం, కొన్నిచోట్ల రుణాత్మకం. ఈ గుర్తులకు విద్యుదావేశంతో సంబంధం లేదు. నీటి అలలో ఉబ్బు, పల్లం ఉన్నట్టే ఇవి తరంగంలో రెండు దశలు. ఆ విలువను వర్గం చేస్తే ఎలక్ట్రాన్ అక్కడ దొరికే అవకాశం ఎంతో తెలుస్తుంది. ఒక దశ నుంచి రెండో దశకు మారేచోట తరంగం సున్నాను దాటక తప్పదు. ఆ దాటే చోటే నోడ్. అక్కడ ఎలక్ట్రాన్ దొరికే అవకాశం సున్నా.

నోడ్‌లలో రెండు జాతులు ఎందుకున్నాయో మృదంగం మూతను చూస్తే బాగా తెలుస్తుంది. సి.వి. రామన్ 1920 నాటికే మృదంగం, తబలాల స్వరాల మీద పరిశోధన ప్రచురించాడు. బిగించిన చర్మం ఒక స్వరంలో కంపిస్తున్నప్పుడు దాని మీద సన్నని ఇసుక చల్లితే, కదలని గీతల మీద ఇసుక పోగుపడుతుంది. ఆ గీతలు రెండు రకాలు. కొన్ని అంచుకు లోపల చుట్టూ తిరిగే వృత్తాలు. వృత్తం లోపలి భాగం పైకి లేచినప్పుడు బయటి భాగం కిందికి దిగుతుంది. ఇంకొన్ని నడిమధ్య గుండా ఒక అంచు నుంచి ఎదుటి అంచు దాకా సాగే వ్యాసాలు. వాటికి ఒక పక్క పైకి, రెండో పక్క కిందికి పోతుంది.

ఇక్కడ కేంద్రబిందువు సంగతి ప్రత్యేకంగా గమనించాలి. వృత్తాకారపు గీత మాత్రమే ఉన్నప్పుడు మధ్య భాగం బాగా ఊగుతుంది. వ్యాసపు గీత ఒక్కటి ఉన్నా చాలు, అది మధ్య గుండానే పోతుంది కనుక మధ్యభాగం కదలదు.

ఆర్బిటాల్‌లోనూ జరిగేది ఇదే. పరమాణువుకు మూడు కొలతలున్నాయి కనుక వృత్తానికి బదులు కేంద్రకం చుట్టూ గోళం వస్తుంది, అది రేడియల్ నోడ్. వ్యాసానికి బదులు కేంద్రకం గుండా పోయే సమతలమో శంకువో వస్తుంది, అది కోణీయ నోడ్. మృదంగానికి బిగించిన అంచు ఉంది, పరమాణువుకు లేదు. పోలిక అక్కడితో సరి.

నోడ్‌లు లేకుండా ఎందుకు కుదరదు

కోణీయ నోడ్ కారణం సులువైనది. కేంద్రకం చుట్టూ ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వస్తే తరంగం విలువ కూడా మొదటిదే కావాలి. ఒకే చోట రెండు విలువలు ఉండవు కదా. కాబట్టి చుట్టూ తిరిగేటప్పుడు తరంగం మారితే పూర్తి సంఖ్యలోనే మారాలి. అసలు మారకపోతే అది s ఆర్బిటాల్, ఎటు చూసినా ఒకేలా ఉండే గోళం. ఒక పక్క ధనాత్మకం, ఎదుటి పక్క రుణాత్మకం అయితే మధ్యలో ఒక సమతలం మీద సున్నా పడుతుంది, అది p ఆర్బిటాల్. రెండు సమతలాలో రెండు శంకువులో ఉంటే d ఆర్బిటాల్. పుస్తకాల్లో l అని రాసే క్వాంటం సంఖ్య చెప్పేది నిజానికి ఈ కోణీయ నోడ్‌ల సంఖ్యే.

రేడియల్ నోడ్ కారణం ఇంకొంచెం లోతైనది. ఒకే పరమాణువులోని రెండు వేర్వేరు శక్తిస్థితులు ఒకదానికొకటి పూర్తిగా స్వతంత్రంగా ఉండాలని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. లెక్కలో చెప్పాలంటే ఒక తరంగాన్ని రెండోదానితో ప్రతి బిందువు దగ్గరా గుణించి, వచ్చినదంతా కూడితే మొత్తం సున్నా రావాలి. 1s ఆర్బిటాల్‌కు నోడ్ లేదు, అంతటా ఒకే గుర్తు. దాన్ని 2pతో గుణిస్తే ఒక పక్క ఎంత ధనం వస్తుందో ఎదుటి పక్క అంతే రుణం వస్తుంది, మొత్తం రద్దవుతుంది. ఆ పని కోణీయ నోడ్ చేసిపెట్టింది. 2s సంగతి అలా కాదు. అదీ గోళమే, 1s కూడా గోళమే. దిక్కుల వల్ల రద్దయ్యే దారి లేదు. అందుకని 2s కేంద్రకం నుంచి బయటికి పోతూ ఎక్కడో ఒకచోట గుర్తు మార్చుకోవాలి. ఆ చోటే దాని రేడియల్ నోడ్. 3s అయితే 1s, 2s రెండిటితోనూ స్వతంత్రంగా ఉండాలి కనుక రెండుసార్లు గుర్తు మారుతుంది.

ఈ లెక్కన 2pకి రేడియల్ నోడ్ ఎందుకు లేదో కూడా తెలుస్తుంది. p జాతిలో అదే మొదటిది. స్వతంత్రంగా ఉండాల్సిన మరో p దాని కింద లేదు. 3pకి కింద 2p ఉంది కనుక ఒక రేడియల్ నోడ్ తప్పదు. 3dకి కింద d లేదు కనుక ఒక్కటీ అక్కర్లేదు.

ఇప్పుడు మూడిటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. 3sలో రెండు రేడియల్ నోడ్‌లు, కోణీయ నోడ్ లేదు. 3pలో ఒక రేడియల్, ఒక కోణీయ నోడ్. 3dలో రెండూ కోణీయ నోడ్‌లే. మొత్తం ఎప్పుడూ ప్రధాన క్వాంటం సంఖ్య కంటే ఒకటి తక్కువ.

సున్నా ఎక్కడ పడుతుందో లెక్కగట్టి చూస్తే

హైడ్రోజన్ 3s నోడ్‌లను పదో తరగతి గణితంతోనే కనుక్కోవచ్చు. దూరాన్ని బోర్ వ్యాసార్థాల్లో కొలుద్దాం. ఒక బోర్ వ్యాసార్థం 52.9 పికోమీటర్లు. పికోమీటర్ అంటే మీటరులో లక్షకోటో వంతు. దూరాన్ని x అనుకుంటే 3s తరంగంలో గుర్తును నిర్ణయించే భాగం ఇది:

27 − 18x + 2x²

దీని పక్కనే దూరం పెరిగేకొద్దీ తగ్గిపోయే ఇంకో భాగం ఉంటుంది, కానీ అది ఎన్నడూ సున్నా కాదు. కాబట్టి ఈ వర్గ సమీకరణాన్ని సున్నాకు సమానం చేస్తే చాలు. జవాబులు రెండు: 1.90, 7.10. అంటే కేంద్రకం నుంచి సుమారు 100 పికోమీటర్ల దగ్గర ఒక గోళం, 375 పికోమీటర్ల దగ్గర ఇంకో గోళం. 3pకి ఆ స్థానంలో x(6 − x) వస్తుంది. 6 దగ్గర రేడియల్ నోడ్. సున్నా దూరం దగ్గర, అంటే కేంద్రకం దగ్గర, కూడా విలువ సున్నాయే. అది కోణీయ నోడ్ కేంద్రకం గుండా పోవడం వల్ల వచ్చిన సున్నా. 3dకి ఆ స్థానంలో x² మాత్రమే ఉంటుంది.

ఈ x, x² చిన్నవిగా కనిపించినా కథ అంతా వీటిలోనే ఉంది. కేంద్రకానికి బాగా దగ్గరగా వెళ్ళినప్పుడు s తరంగం నిండుగా ఉంటుంది. p తరంగం దూరంతో పాటు తగ్గిపోతుంది, d దూరపు వర్గంతో తగ్గిపోతుంది. ఎలక్ట్రాన్ దొరికే అవకాశం తరంగానికి వర్గం కనుక, కేంద్రకానికి దూరం పది వంతుల్లో ఒక వంతుకు తగ్గితే p సాంద్రత వందో వంతుకు, d సాంద్రత పదివేలో వంతుకు పడిపోతుంది. కోణీయ నోడ్ ఉండటమంటే ఎలక్ట్రాన్‌కు కోణీయ ద్రవ్యవేగం ఉండటమే. చుట్టూ తిరిగే ఆ వేగం దాన్ని కేంద్రకం దాకా రానివ్వదు.

విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. నోడ్ దగ్గర ఎలక్ట్రాన్ ఉండే అవకాశమే సున్నా అయితే, అది లోపలి భాగం నుంచి బయటి భాగానికి ఎలా దాటుతుంది? ఎలక్ట్రాన్‌ను చిన్న గోళీగా ఊహించుకుంటేనే ఈ చిక్కు వస్తుంది. 3s ఎలక్ట్రాన్ ముందు లోపల ఉండి, తర్వాత బయటికి నడిచి వెళ్ళేది కాదు. నోడ్‌కు లోపలి భాగం, బయటి భాగం కలిసి ఒకే తరంగం. ఒకే ఎలక్ట్రాన్ ఆ మొత్తంగా ఉంటుంది. దాటడమనే ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

పొరలుగా చూడటం

ఇక్కడి నుంచి ఇంకో మెట్టు ఎక్కాలి. ఒక బిందువు దగ్గర ఎలక్ట్రాన్ దొరికే అవకాశం వేరు, కేంద్రకం నుంచి ఒక దూరంలో ఏ దిక్కునైనా సరే దొరికే అవకాశం వేరు. 1s ఆర్బిటాల్‌లో సాంద్రత అన్నిటికంటే ఎక్కువ ఉండేది కేంద్రకం దగ్గరే. కానీ ఒక దూరంలో వెతకడమంటే ఆ వ్యాసార్థమున్న పలుచని గోళపు పొర అంతా వెతకడం. దూరం పెరిగేకొద్దీ పొర వైశాల్యం దూరపు వర్గంతో పెరుగుతుంది. కేంద్రకం దగ్గర సాంద్రత ఎంత ఉన్నా పొరే లేదు. బాగా దూరం పోతే పొర పెద్దదే కానీ సాంద్రత మిగలదు. రెండిటి లబ్ధం మధ్యలో ఒకచోట గరిష్ఠం అవుతుంది. హైడ్రోజన్ 1sకి ఆ చోటు సరిగ్గా ఒక బోర్ వ్యాసార్థం.

ఈ లబ్ధాన్ని దూరంతో పాటు గీస్తే వచ్చేదే రేడియల్ సంభావ్యతా పంపిణీ రేఖ. దీన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. s ఆర్బిటాళ్ళకు కూడా ఈ రేఖ సున్నా దూరం దగ్గర సున్నా నుంచే మొదలవుతుంది. అది నోడ్ కాదు, అక్కడ పొర వైశాల్యం సున్నా కావడం వల్ల వచ్చిన సున్నా. నోడ్‌లు లెక్కపెట్టేటప్పుడు మొదట్లోని ఈ సున్నానీ, చివర రేఖ నేలకు అంటుకుపోవడాన్నీ కలపకూడదు. మధ్యలో రేఖ నేలను తాకి మళ్ళీ లేచేచోట్లే రేడియల్ నోడ్‌లు.

హైడ్రోజన్ మూడో స్థాయి రేఖలు గీస్తే 3dకి ఒకే శిఖరం, 9 బోర్ వ్యాసార్థాల దగ్గర. 3pకి రెండు శిఖరాలు: 3 దగ్గర చిన్నది, 12 దగ్గర పెద్దది. 3sకి మూడు: 0.74 దగ్గర బాగా చిన్నది, 4.2 దగ్గర దానికంటే పెద్దది, 13.1 దగ్గర అన్నిటికంటే పెద్దది. నోడ్‌లు రెండుంటే శిఖరాలు మూడవుతాయి కదా. రేడియల్ నోడ్ పెరిగిన ప్రతిసారీ కేంద్రకం వైపు ఇంకో చిన్న శిఖరం తోడవుతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పెద్ద శిఖరాన్నే చూస్తే 3s అన్నిటికంటే దూరంగా, 3d అన్నిటికంటే దగ్గరగా ఉంది. సగటు దూరం లెక్కగట్టినా అంతే: 3sకి 13.5, 3pకి 12.5, 3dకి 10.5 బోర్ వ్యాసార్థాలు. సగటున ఎక్కువ దూరంలో ఉండే 3s ఎలక్ట్రానే సోడియంలో అన్నిటికంటే గట్టిగా బంధించబడి ఉంది. సగటు దూరంతో శక్తిని నిర్ణయించాలని చూస్తే జవాబు తలకిందులవుతుంది. నిర్ణయించేది ఎడమ చివరనున్న ఆ చిన్న శిఖరం.

కవచం ఎక్కడిదాకా పనిచేస్తుంది

సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లున్నాయి. చుట్టూ 11 ఎలక్ట్రాన్లు. వాటిలో పది లోపలి పొరల్లో గట్టిగా సర్దుకుని ఉంటాయి: రెండు 1sలో, రెండు 2sలో, ఆరు 2pలో. 1s జంట సగటున 0.14 బోర్ వ్యాసార్థాల దూరంలోనూ, మిగిలిన ఎనిమిదీ సుమారు 0.8 దగ్గరా ఉంటాయి. పదకొండో ఎలక్ట్రానే మన కథానాయకుడు.

లోపలి ఎలక్ట్రాన్లు కేంద్రకాన్ని ఎంతవరకు కప్పుతాయో చెప్పడానికి పాత విద్యుత్ సూత్రం ఒకటి సరిపోతుంది. గోళాకారంలో సమంగా పరుచుకున్న ఆవేశం, దాని బయట ఉన్నవారికి మొత్తం నడిమధ్యలోనే ఉన్నట్టు పనిచేస్తుంది. దాని లోపలికి వెళ్ళినవారి మీద మాత్రం ఏ బలమూ చూపదు. కాబట్టి పదకొండో ఎలక్ట్రాన్ పది ఎలక్ట్రాన్ల మేఘానికి పూర్తిగా బయట ఉంటే దానికి కనిపించేది 11లోంచి 10 తీసేయగా మిగిలిన 1 మాత్రమే. అంటే హైడ్రోజన్‌లో ఉన్నట్టే. ఆ మేఘం లోపలికి చొచ్చుకుపోయినప్పుడు మాత్రం, తనకంటే బయట మిగిలిన ఎలక్ట్రాన్లు ఇక లెక్కలోకి రావు. కేంద్రకానికి దగ్గరయ్యేకొద్దీ కనిపించే ఆవేశం 1 నుంచి 11 వైపు పెరుగుతూ పోతుంది.

కాబట్టి కవచ ప్రభావం, చొచ్చుకుపోవడం రెండు వేర్వేరు సంగతులు కావు. ఎలక్ట్రాన్ తన సంభావ్యతలో ఎంత భాగాన్ని కవచం లోపల ఉంచగలిగిందో అంతమేరకు కవచం దాని మీద పనిచేయదు. ఆ భాగం ఎంతో చెప్పేది రేడియల్ పంపిణీ రేఖ.

హైడ్రోజన్ రేఖల నుంచే ఒక లెక్క చూద్దాం. కేంద్రకం చుట్టూ ఒక బోర్ వ్యాసార్థం లోపల ఎలక్ట్రాన్ దొరికే అవకాశం 3sకి సుమారు నూటికి ఒకటి. 3pకి వెయ్యికి ఒకటి కంటే కొంచెం ఎక్కువ. 3dకి పది లక్షలకు ఆరో ఏడో. 3s ఎలక్ట్రాన్ అక్కడ ఉండే అవకాశం 3p కంటే ఎనిమిది రెట్లు, 3d కంటే సుమారు పదిహేను వందల రెట్లు ఎక్కువ. నూటికి ఒకటి అంటే తక్కువే అనిపించవచ్చు. కానీ కేంద్రకం దగ్గర ఆకర్షణ ఎన్నో రెట్లు బలమైంది. ఆవేశం ఎక్కువ, దూరం తక్కువ. ఆ కాస్త సమయంలో ఎలక్ట్రాన్‌కు దక్కే బంధన శక్తి బయట గడిపిన సమయంలో దక్కేదాన్ని మించిపోగలదు.

అందుకే సోడియంలో శక్తులు విడిపోయాయి. రెండు కోణీయ నోడ్‌లున్న 3d కవచం లోపలికి అసలు రాదు. దానికి కనిపించే ఆవేశం 1, శక్తి 1.52 ఎలక్ట్రాన్ వోల్టులు. హైడ్రోజన్ 1.51కి పక్కనే. ఒక కోణీయ నోడ్ ఉన్న 3p కొంత లోపలికి వస్తుంది, దాని బంధన శక్తి 3.04. కోణీయ నోడ్ లేని 3s నేరుగా కేంద్రకం దాకా చొచ్చుకుపోతుంది, దాని శక్తి 5.14. చివరి రెండిటి తేడా 2.10 ఎలక్ట్రాన్ వోల్టులు, అదే 589 నానోమీటర్ల పసుపు. ఆ వెలుగును మంచి వర్ణపటదర్శినిలో చూస్తే 589.0, 589.6 అని రెండు గీతలు పక్కపక్కన కనిపిస్తాయి. ఆ చిన్న చీలిక ఎలక్ట్రాన్ స్పిన్ వల్ల వచ్చింది, చొచ్చుకుపోవడం వల్ల కాదు.

ఈ శక్తులను హైడ్రోజన్ సూత్రంలో పెట్టి వెనక్కి లెక్కిస్తే, ఎంత ఆవేశం కనిపించినట్టో తెలుస్తుంది. 3sకి 1.84, 3pకి 1.42, 3dకి 1.00. దీన్నే ప్రభావక కేంద్రక ఆవేశం అంటారు. పరమాణువులో 1.84 ఆవేశం ఉన్న చోటు ప్రత్యేకంగా ఏదీ లేదు. బయట 1 మాత్రమే చూసిన ఎక్కువ సమయాన్నీ, లోపల 11 దాకా చూసిన తక్కువ సమయాన్నీ కలిపి తీసిన ఒక సారాంశం అది.

లెక్కకు హద్దులు

పైన వాడినవి హైడ్రోజన్ రేఖలు. సోడియంలో రేఖలు అలాగే ఉండవు. 3s ఎలక్ట్రాన్ లోపలికి చొచ్చుకుపోవడం వల్ల మరింత బలంగా లాగబడుతుంది. ఆ లాగుడుకు దాని తరంగం మొత్తం లోపలికి ముడుచుకుంటుంది. అసలు సోడియంలో 3s సగటు దూరం 13.5 కాదు, సుమారు 4.2 బోర్ వ్యాసార్థాలు. అది ముడుచుకున్నాక చొచ్చుకుపోయే భాగం ఇంకా పెరుగుతుంది. అందుకని హైడ్రోజన్ రేఖలు ఏది ముందు, ఏది వెనుక అన్న వరుసను సరిగ్గా చెబుతాయి కానీ, సోడియం శక్తులను అంకెలతో సహా చెప్పలేవు. వాటికి ఎలక్ట్రాన్లన్నిటినీ కలిపి, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద సర్దుబాటయ్యేదాకా మళ్ళీమళ్ళీ లెక్కించాలి. నోడ్‌ల సంఖ్య మాత్రం మారదు. సోడియం 3sకి కూడా రెండు రేడియల్ నోడ్‌లే, అవి కేంద్రకానికి ఇంకా దగ్గరగా జరుగుతాయి.

కాలేజీల్లో నేర్పే స్లేటర్ నియమాలతోనూ ఒక జాగ్రత్త కావాలి. 1930లో జాన్ స్లేటర్ ఇచ్చిన ఆ నియమాల ప్రకారం సోడియం చివరి ఎలక్ట్రాన్‌కు కనిపించే ఆవేశం 2.20. ఆ నియమాలు s, p రెండిటినీ ఒకే గుంపులో పెడతాయి కనుక 3sకీ 3pకీ ఒకే జవాబు వస్తుంది. వాటినే నమ్ముకుంటే సోడియం పసుపుగా వెలగడానికి కారణమే ఉండదు. త్వరగా ఒక అంచనా వేయడానికి అవి బాగా పనికొస్తాయి. s, p ల తేడా అడిగినచోట పనికిరావు.

ఇదే తర్కంతో పొటాషియంలో 19వ ఎలక్ట్రాన్ 3dని వదిలి 4sలో ఎందుకు చేరుతుందో కూడా చెప్పవచ్చు. హైడ్రోజన్‌లో 3d శక్తి 4s కంటే తక్కువే. పొటాషియంలో 4sకి మూడు రేడియల్ నోడ్‌లు, లోపల మూడు చిన్న శిఖరాలు, కోణీయ నోడ్ లేదు. అందుకని 4s బంధన శక్తి 4.34 ఎలక్ట్రాన్ వోల్టులు, 3dది 1.67 మాత్రమే. ఆవర్తన పట్టికలో నాలుగో వరుస పొటాషియంతో మొదలవడానికి కారణం ఇదే. అలాగని 4s ఎప్పుడూ 3d కంటే కిందే ఉంటుందని కంఠస్థం చేస్తే మళ్ళీ పొరపాటే. స్కాండియం నుంచి కేంద్రక ఆవేశం పెరిగేకొద్దీ 3d లోపలికి ముడుచుకుంటుంది. అందుకే ఇనుము అయానుగా మారేటప్పుడు ముందుగా పోయేవి 4s ఎలక్ట్రాన్లే.

రేఖ చేతిలో ఉన్నప్పుడు

పరీక్షకు చదివే పిల్లలకూ, పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ ఒక మాట. s తర్వాత p, p తర్వాత d అనే చొచ్చుకుపోయే వరుసను సూత్రంగా నేర్పితే అది పరీక్ష దాకా గుర్తుంటుంది. మూడు రేడియల్ రేఖలను ఒకే కాగితం మీద, ఒకే స్కేలులో గీసి, ఒక బోర్ వ్యాసార్థం దగ్గర నిలువుగీత గీయమనండి. ఆ గీతకు ఎడమ వైపు ఏ రేఖ కింద ఎంత చోటు మిగిలిందో పోల్చమనండి. 3s శిఖరం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 3p నేలకు కొంచెం పైన ఉంటుంది. 3d నేలకే అంటుకుని ఉంటుంది. పెద్ద శిఖరాలు కుడివైపు ఏ వరుసలో ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. ఎడమవైపు ఆ వరుస ఎందుకలా వచ్చిందని అడిగితే కోణీయ నోడ్‌లను లెక్కపెట్టి చెప్పమనండి. అవి ఎన్ని ఉంటే ఎలక్ట్రాన్ కేంద్రకానికి అంత దూరంగా ఉండిపోతుంది, కవచం దాన్ని అంత పూర్తిగా ఆపుతుంది.